రెండు లింకులు, ఒకే కల్వర్టు

రాయగడలో ఆస్పత్రులు, ల్యాబులు, ఆఫీసుల నెట్‌వర్క్ చూసుకునే మనవాళ్ల ముందు ఒక ఆదివారం సాయంత్రం నేను మాట్లాడిన మాటలివి. రికార్డింగ్ విని రాసిపెట్టాను. మధ్యలో అడిగిన ప్రశ్నలు కూడా అలాగే ఉంచాను.

అందరికీ నమస్కారం. కుర్చీలు చాలక వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకొచ్చేయండి, ఫ్యాన్ కింద చోటుంది.

నేను నేరుగా ఒక సెప్టెంబర్ సాయంత్రం దగ్గర మొదలుపెడతాను. అప్పుడు నేను ఇక్కడే ఒక ప్రైవేటు ఆస్పత్రికి నెట్‌వర్క్ చూసేవాణ్ణి. వాళ్లకి సీటీ స్కాన్ ఉంది గానీ రాత్రిపూట ఫిల్మ్ చదివే రేడియాలజిస్టు ఊళ్లో లేరు, అందుకని స్కాన్ తీయగానే ఆ బొమ్మలన్నీ విశాఖపట్నం వెళ్తాయి, అక్కడ డాక్టరు గారు చూసి అరగంటలో రిపోర్టు పంపిస్తారు. అంటే ఆ ఆస్పత్రికి లింకు లేకపోతే సీటీ మిషన్ ఉండీ లేనట్టే. అది తెలిసే యాజమాన్యం రెండు లింకులు తీసుకుంది. రెండు వేర్వేరు కంపెనీలవి, రెండూ ఫైబర్, రెండూ 99.5 శాతం సమయం పనిచేస్తాయని అగ్రిమెంటు. ఆ ఏర్పాటు చేసింది నేనే, కాగితం మీద లెక్కేసి చూపించిందీ నేనే.

ఆ రోజు సాయంత్రం 4:40కి మొదటి లింకు పోయింది. సరే, రెండోది ఉంది కదా అనుకునే లోపు అదీ పోయింది. నిమిషం కూడా తేడా లేదు. తిరిగి వచ్చేసరికి తెల్లవారుజాము 3:40. పదకొండు గంటలు. ఆ మధ్యలో రాత్రి ఎనిమిదింటికి బైకు మీంచి పడ్డ కుర్రాణ్ణి తీసుకొచ్చారు, తలకి దెబ్బ. స్కాన్ తీశారు, చదివే మనిషి రెండు వందల కిలోమీటర్ల అవతల ఉన్నారు. టెక్నీషియన్ తన ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టాడు. సిగ్నల్ నిండా ఉంది, డేటా మాత్రం కదల్లేదు. ఎందుకో కాసేపట్లో చెప్తాను. ఆఖరికి నర్సమ్మ ఫోన్లో ఉన్న ఇంకో కంపెనీ సిమ్‌తో పంపాం. తలకి సీటీ అంటే ఆ రోజు మూడు వందల పైచిలుకు బొమ్మలు, ఒక్కోటి అర ఎంబీ, మొత్తం 150 ఎంబీ పైన. అప్‌లోడ్ ఒక ఎంబీపీఎస్ దగ్గర ఆడుతోంది, ఇరవై నిమిషాల పైనే పట్టింది. ఆ కుర్రాడు బాగానే ఉన్నాడు. కానీ ఆ ఇరవై నిమిషాలు ఆ గదిలో వాళ్ల నాన్నగారు నా మొహం చూస్తూ నిలబడ్డారు, అది నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఇప్పుడు ఆ కాగితం లెక్క చూద్దాం. నేను చేసిన తప్పు అందులోనే ఉంది.

99.5 శాతం అంటే వినడానికి పెద్ద మార్కులే. కానీ ఏడాదికి 8,760 గంటలు. అందులో అర శాతం అంటే 43.8 గంటలు, దాదాపు రెండు రోజులు లింకు లేకపోయినా కంపెనీ మాట తప్పినట్టు కాదు. 99.9 అయితే ఏడాదికి 8 గంటల 45 నిమిషాలు. 99.99 అయితే 52 నిమిషాలు. ఐదు తొమ్మిదులు, అంటే 99.999 అయితే ఐదు నిమిషాల చిల్లర. తొమ్మిది ఒకటి పెరిగినప్పుడల్లా పోయే సమయం పదో వంతుకి పడిపోతుంది. శాతం చూసి మురిసిపోకుండా దాన్ని గంటల్లోకి మార్చుకుని చూడండి, అప్పుడే మనం దేనికి సంతకం పెడుతున్నామో తెలుస్తుంది.

రెండు లింకులుంటే లెక్క ఏంటంటే, ఒకటి లేకపోయే అవకాశాన్ని రెండోది లేకపోయే అవకాశంతో గుణించాలి. 0.005 ఇంటూ 0.005, అంటే 0.000025. దాన్ని ఏడాది గంటలతో గుణిస్తే 13 నిమిషాలు వస్తుంది. చూశారా, రెండు మామూలు లింకులు కలిపితే ఏడాదికి 13 నిమిషాలే ఆగుతుంది, నాలుగు తొమ్మిదుల కంటే బాగా వచ్చేసింది. నేను యాజమాన్యానికి ఈ అంకే చూపించాను. వాళ్లు సంతోషించారు, నేనూ సంతోషించాను.

ఆ గుణకారం చేయడానికి ఒక షరతుంది. ఒకటి పోవడానికీ రెండోది పోవడానికీ ఏ సంబంధమూ ఉండకూడదు. లెక్క పుస్తకంలో అది చిన్న వాక్యం. దాన్ని నేను చదివాను గానీ రోడ్డు మీదకెళ్లి చూడలేదు.

ఆ రాత్రి బాగా పొద్దుపోయాక నేను బండేసుకుని వెళ్లాను. ఊరు దాటాక ఒక కల్వర్టు దగ్గర రోడ్డు వెడల్పు చేస్తున్నారు, జేసీబీ పక్కనే ఆగి ఉంది. వాన సన్నగా పడుతోంది. మొదటి కంపెనీ జీపు ఉంది. దాని వెనకాల రెండో కంపెనీ జీపు ఉంది. ఇద్దరూ ఒకే గోతిలోకి టార్చి వేసి చూస్తున్నారు. ఒక్కటే కేబుల్, నల్లది, బొటనవేలంత లావు, జేసీబీ పన్ను తగిలి తాడులాగా సాగి తెగింది. లోపల 24 పోగులు. స్ప్లైసింగ్ చేసే తమ్ముడు గొడుగు కింద కూర్చుని పోగులు విడదీస్తూ ఒడియాలో నాకు చూపించాడు. ఇదిగో నీలం, నారింజ, ఇవి మావి. ఆకుపచ్చ, గోధుమ రంగు, ఇవి వాళ్లవి. రెండో కంపెనీ ఆ దారిలో సొంతంగా కేబుల్ వేయలేదు, మొదటి కంపెనీ కేబుల్లోనే రెండు పోగులు అద్దెకి తీసుకుంది. నా రెండు లింకులూ వెంట్రుకంత మందం గాజుపోగులై ఒకే గొట్టంలో పక్కపక్కన పడుకుని ఉన్నాయి.

ఇది సాయంత్రమే ఎందుకు తెలియలేదు అంటే, రెండు కంపెనీల వాళ్లూ ఓటీడీఆర్ పెట్టి చూశారు. అది పోగులోకి వెలుతురు పంపి, తిరిగొచ్చే దాన్ని బట్టి ఎక్కడ తెగిందో దూరం చెప్తుంది. ఒకరికి 6.2 కిలోమీటర్లు అని వచ్చింది, ఇంకొకరికి 7.9 అని వచ్చింది. వేర్వేరు చోట్ల తెగాయనుకున్నాం. కానీ ఒక్కొక్కరూ వాళ్ల వాళ్ల ఎక్స్ఛేంజి నుంచి కొలిచారు, మొదలు వేరైతే అంకె వేరే వస్తుంది. పైగా అది పోగు పొడవు, రోడ్డు పొడవు కాదు. జాయింట్ల దగ్గర కేబుల్ చుట్టలు చుట్టి వదులుతారు కదా, అవి కూడా ఆ దూరంలో కలుస్తాయి. రెండు అంకెలూ ఒకే కల్వర్టు వైపు చూపిస్తున్నాయని మ్యాపు మీద పెట్టి చూస్తే గానీ తెలియదు.

ఆ ఫోన్‌లో సిగ్నల్ ఉండి డేటా రాకపోవడానికి కారణం కూడా ఇదే. ఆ టవర్ నుంచి వెనక్కి వెళ్లే దారి కూడా ఈ కేబుల్లోనే ఉంది. టవర్‌కి కరెంటు ఉంది, రేడియో పని చేస్తోంది, ఫోన్‌కి గీతలన్నీ కనిపిస్తున్నాయి, కానీ టవర్ దగ్గరే దారి మూసుకుపోయింది. నర్సమ్మ సిమ్ ఇంకో టవర్‌ది, దానికి వెనక దారి కొండ మీదకి మైక్రోవేవ్. అందుకే అది బతికింది. డబ్బు పెట్టి కొన్న రెండు లింకులు చేయలేని పని, వేరే దారి ఉంది కాబట్టి ఒక ప్రీపెయిడ్ సిమ్ చేసింది.

ఇప్పుడు లెక్క మళ్లీ వేద్దాం. ఒక్కో లింకూ ఏడాదికి 43.8 గంటలు పోతుంది అనుకున్నాం. అందులో పదో వంతు సమయం మాత్రమే రెండూ కలిసి పోయే రకం కారణాల వల్ల, అంటే ఒకే గొయ్యి, ఒకే వంతెన, ఒకే కరెంటు వల్ల అనుకోండి. పదో వంతు అంటే 4.38 గంటలు, నాలుగు గంటల ఇరవై మూడు నిమిషాలు. ఆ 13 నిమిషాలు దీని పక్కన లెక్కలోకే రావు. రెండో లింకుని 99.5 నుంచి 99.9కి పెంచినా ఈ నాలుగు గంటల్లో పెద్ద మార్పుండదు, ఎందుకంటే అది దారి వల్ల వచ్చింది, లింకు నాణ్యత వల్ల కాదు.

దీనికి ఎదురుగా ఇంకో లెక్క పెట్టండి. రెండోది ఫైబర్ కాకుండా మేడ మీంచి ఒక రేడియో లింకు, దానికి 99 శాతమే అనుకోండి. ఏడాదికి మూడున్నర రోజులు పోతుంది, వింటేనే భయం వేస్తుంది. కానీ అది నిజంగా వేరే దారి అయితే 0.005 ఇంటూ 0.01, ఏడాదికి 26 నిమిషాలు. నాలుగు గంటల ఇరవై మూడు నిమిషాల ముందు ఇరవై ఆరు నిమిషాలు. నాసిరకం లింకే, కానీ దారి వేరు.

(ఇక్కడ ముందు వరసలోంచి ఒక పెద్దాయన: "బాబూ, రేడియో అంటే వానకి ఆగిపోద్ది కదేటి?")

మంచి మాట అడిగారు మావయ్యా. ఆగుతుంది, కానీ ఏ ఫ్రీక్వెన్సీ అన్నదాన్ని బట్టి. పది గిగాహెర్ట్జ్ దాటిన దగ్గర్నుంచి వానచినుకు సిగ్నల్‌ని బాగా తినేస్తుంది. 18, 23 గిగాహెర్ట్జ్ లింకులు మన జడివానల్లో కిందా మీదా అవుతాయి, అందుకని వాటిని దూరం తక్కువ పెట్టి కడతారు. అలాంటి లింకు డిజైన్ చేసేవాళ్లు ఆ ప్రాంతంలో ఏడాదిలో 0.01 శాతం సమయం మాత్రమే ఏ వాన తీవ్రత దాటుతుందో ఆ అంకెని పట్టుకుని లెక్క మొదలుపెడతారు. 0.01 శాతం అంటే ఇందాక చెప్పిన ఆ 52 నిమిషాలే. ఇక మేం వాడింది 5.8 గిగాహెర్ట్జ్, లైసెన్సు అక్కర్లేనిది. దానికి వానతో పెద్ద ఇబ్బంది లేదు. దాని ఇబ్బంది వేరు, పక్కవాడు కూడా అదే పెట్టుకుంటే ఒకదానికొకటి అడ్డం పడతాయి. ఇంకో సంగతి, వాన వల్ల రేడియో ఆగితే పావుగంటో అరగంటో, వాన తగ్గగానే తనంతట తనే లేస్తుంది. కేబుల్ తెగితే ఎవరో ఒకరు గోతిలో కూర్చోవాలి.

ఎంత తరచుగా పోతుంది అన్నది ఒకటి, పోయాక ఎంతసేపటికి వస్తుంది అన్నది ఇంకొకటి. ఈ రెండూ కలిస్తేనే ఆ శాతం. మన జిల్లాల్లో మొదటిదాన్ని మనం ఆపలేం, జేసీబీకి మనం చెప్పలేం. రెండోదాంట్లోనే గంటలన్నీ పోతున్నాయి. ఆ పదకొండు గంటలు ఎలా ఖర్చయ్యాయో నేను మర్నాడు కూర్చుని రాసుకున్నాను. మేం కంప్లైంటు బుక్ చేయడానికే 45 నిమిషాలు, ఎందుకంటే రూటర్ మనదే పాడైందేమో అని చూసుకుంటూ కూర్చున్నాం. మనుషులు రావడానికి, దూరం కొలవడానికి గంటన్నర పైన. రోడ్డు పనివాళ్ల అనుమతి కోసం నాలుగున్నర గంటలు. గొయ్యి తవ్వి తెగిన కొసలు బయటికి తీయడానికి రెండు గంటలు. అసలు అతుకు పని రెండు గంటల పైచిలుకు మాత్రమే. జేసీబీ లాగితే కేబుల్ ఒక చోట తెగి ఊరుకోదు, ఇటూ అటూ కొన్ని మీటర్లు సాగిపోతుంది, ఆ ముక్క కోసేసి కొత్త ముక్క వేయాలి. అంటే ఒకటికి రెండు జాయింట్లు, 24 పోగులు రెండుసార్లు, 48 అతుకులు. ఒక్కో పోగూ ఒలిచి, స్పిరిట్‌తో తుడిచి, కొస నున్నగా కోసి, మిషన్లో పెట్టి అతికించి, స్లీవ్ వేడి చేయాలి. వానలో, గొడుగు కింద. ఆ తమ్ముడు చేతివేగం చూశాక నేను అతుకు ఆలస్యం అని ఎవరినీ అనలేదు.

ఇక అగ్రిమెంటు సంగతి. నెలాఖరుకి నేను క్రెడిట్ అడిగాను. 30 రోజుల నెల అంటే 720 గంటలు, 99.5 ప్రకారం 3.6 గంటలు పోవచ్చు. మాకు పోయింది 11 గంటలు, అంటే 98.47 శాతం. కంపెనీ పంపిన రిపోర్టులో 99.20 అని ఉంది. అబద్ధమా అంటే కాదు. వాళ్ల గడియారం 4:40కి కాదు, మేం డాకెట్ నంబర్ తీసుకున్న 5:25కి మొదలైంది. అనుమతి కోసం ఆగిన నాలుగున్నర గంటలు "మూడో పక్షం వల్ల ఆలస్యం" అని తీసేశారు, ఆ క్లాజు కింద నా సంతకం ఉంది. మిగిలింది ఐదు గంటల నలభై ఐదు నిమిషాలు. 99కి 99.5కి మధ్య అయితే నెల అద్దెలో 5 శాతం వెనక్కి, 99 కంటే తక్కువైతే 10 శాతం. అద్దె 18,000. అంటే నాకు వచ్చింది 900, పోట్లాడి గెలిచినా వచ్చేది 1,800. ఆ రాత్రికి ఖరీదు అంతే కట్టారు. అదీ మనం రాసి అడిగితేనే, అడక్కపోతే అదీ లేదు.

అందుకని ఎస్ఎల్ఏని, అంటే ఈ శాతం రాసిచ్చే అగ్రిమెంటుని, ఇన్సూరెన్సు అనుకోకండి. ఆ డబ్బు కోసం కాదు, కంపెనీ మన ఫాల్టుని ఏ వరసలో పెడుతుందో అన్నదానికి అది పనికొస్తుంది. సంతకం ముందు నేను ఇప్పుడు చూసేవి కొన్నే. గడియారం ఎప్పుడు మొదలవుతుంది, మనం ఫోన్ చేసినప్పుడా, వాళ్ల మానిటరింగ్‌లో లింకు ఎర్రగా మారినప్పుడా? లెక్క నెలకా, మూడు నెలలకా, ఏడాదికా? ఇది చిన్న తేడా కాదు. 99.5 ఏడాది లెక్క అయితే ఆ పదకొండు గంటలు ఒక్క పూటలో పోయినా వాళ్లకి ఇంకా 32 గంటలు మిగిలి ఉంటాయి, మాట తప్పినట్టే కాదు. నెల లెక్క అయితే తప్పినట్టు. ఏ రెండు చివరల మధ్య కొలుస్తారు, మన గోడ దగ్గర పెట్టె దాకానా, ఊళ్లో వాళ్ల ఎక్స్ఛేంజి దాకానేనా? చివరి కిలోమీటరు కలవకపోతే మన వీధిలో తెగిన వైరు వాళ్ల శాతంలోకి రాదు.

ఇంకొకటి చాలామందికి తెలియదు. "లింకు లేదు" అంటే ఏంటి? టెలికాం ప్రమాణాల్లో, ఐటీయూ వాళ్ల జీ.826లో, వరసగా పది సెకన్లు తీవ్రమైన తప్పులతో నిండితేనే లింకు అందుబాటులో లేని సమయం మొదలవుతుంది. మళ్లీ వరసగా పది సెకన్లు అలా కాకుండా గడిస్తేనే అది ముగుస్తుంది. మరి మన లింకు నిమిషానికోసారి ఆరు సెకన్లు పోయి వస్తుంటే? ఆ లెక్క ప్రకారం రోజంతా అందుబాటులో ఉన్నట్టే. వీడియో కాల్ మాత్రం ప్రతి నిమిషం తెగుతుంది. జాయింట్లోకి నీళ్లు పోతేనో, కనెక్టరు వదులైతేనో ఇలాంటివి చూస్తాం. దీనికి శాతం చాలదు, ప్యాకెట్ లాస్, అంటే దారిలో పోయే డేటా ముక్కలు, ఎంత దాటకూడదో అగ్రిమెంటులో వేరేగా రాయించుకోవాలి.

దారి వేరుగా ఉండాలి అన్నది కూడా రాయించుకోవాల్సిందే. సేల్స్ మనిషి "వేరే రూటే సార్" అంటారు, ఆయన తెలిసి చెప్పరు, తెలియకే చెప్తారు. రూటు మ్యాపు ఫైలు అడగండి, గూగుల్ ఎర్త్‌లో తెరుచుకునే కేఎంజెడ్ ఇస్తారు. రెండు కంపెనీలవీ ఒకదాని మీద ఒకటి వేసి చూడండి. ఇవ్వం అంటే, బండి మీద ఆ దారి పట్టుకుని వెళ్లి చూడండి. రోడ్డు పక్కన రాళ్లు పాతి ఉంటాయి, కల్వర్టుల పక్కన ఇనుప గొట్టాలు కనిపిస్తాయి, వంతెన పిట్టగోడకి ఎన్ని గొట్టాలు కట్టి ఉన్నాయో లెక్కపెట్టొచ్చు. అద్దె పోగులా, సొంత కేబులా అన్నది సూటిగా అడగండి, కాగితం మీద జవాబు తీసుకోండి. ఈ రోజు వేరుగా ఉన్న దారిని ఆర్నెల్లకి ఖర్చు తగ్గుతుందని ఒకే కేబుల్లోకి మార్చేయొచ్చు, అలా మార్చేముందు చెప్పాలి అన్న వాక్యం కూడా ఉండాలి.

దీనికీ ఒక హద్దుంది. 2017 జూలైలో వరదకి తెరువలి, సింగపూర్ రోడ్ స్టేషన్ల మధ్య రైలు వంతెనే కొట్టుకుపోయింది, మీలో చాలామంది చూసే ఉంటారు. రోడ్డు, రైలు, కేబుల్, అన్నీ నది దాటాల్సింది వంతెనల మీదే, ఆ వంతెనలు వేళ్ల మీద లెక్కపెట్టేవే. ఒకటి పార్వతీపురం వైపు నుంచి, ఒకటి కొరాపుట్ వైపు నుంచి వచ్చేలా దొరికితే అంతకన్నా మంచిది మనకి లేదు. దొరక్కపోతే కనీసం ఒకటి గాలిలోంచి రావాలి.

సరే, దారి వేరు చేశాం, రేడియో పెట్టాం. అయిపోయిందా? అవలేదు. నేను మొదటి ఆదివారం పరీక్ష పెట్టాను, మెయిన్ స్విచ్ ఆపేశాను. నలభై నిమిషాలకి రెండు లింకులూ ఒకేసారి పోయాయి. ఫైబర్ పెట్టె, రేడియోకి కరెంటిచ్చే అడాప్టరు, రెండూ ఒకే యూపీఎస్‌కి ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో గుచ్చి ఉన్నాయి. బయట ఎన్ని కిలోమీటర్లు వేరు చేసినా ఆ బోర్డు మీద రెండూ మళ్లీ కలిశాయి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు గజపతి జిల్లాలో రోజుల తరబడి కరెంటు లేదు, అలాంటప్పుడు టవర్ దగ్గర డీజిల్ ఎంతసేపు ఉంటే అంతసేపే సిగ్నల్. అందుకని రేడియోకి వేరే చిన్న బ్యాటరీ పెట్టించాను, అవతల టవర్ దగ్గర జనరేటర్ ఉందా, బ్యాటరీ ఎన్ని గంటలు ఆగుతుంది అని అడిగి రాసుకున్నాను.

రెండో పరీక్షలో ఇంకోటి బయటపడింది. ఫైబర్‌ని గోడ దగ్గర కాకుండా వీధి చివర పెట్టెలో తీయించాను. రూటర్ మారలేదు. ఎందుకంటే రూటర్ తన పోర్టు లైటు చూస్తోంది, గోడ దగ్గరి కన్వర్టర్‌కి కరెంటు ఉంది కాబట్టి లైటు పచ్చగానే ఉంది. అసలు కేబుల్ ఆరు కిలోమీటర్ల అవతల తెగినా ఆ లైటు పచ్చగానే ఉంటుంది. రూటర్ చూడాల్సింది లైటు కాదు, అవతలి కొసన మన సర్వర్ పలుకుతుందా లేదా అని. ప్రతి ఐదు సెకన్లకీ ఒక పింగ్, వరసగా మూడు పోతే మారిపోవడం. ఇందులోనూ ఒక గోతిలో నేను పడ్డాను. రూటర్ రెండో లింకుకి మారగానే ఆ పింగ్ కూడా రెండో లింకులోంచి వెళ్లి జవాబు తెచ్చుకుంది, "ఓహో ఫైబర్ వచ్చేసింది" అనుకుని రూటర్ మళ్లీ చచ్చిన ఫైబర్ వైపు మారింది. అటూ ఇటూ ఊగుతూ కూర్చుంది. అందుకని ఆ పరీక్ష చిరునామాకి దారిని ఫైబర్‌కే కట్టేయాలి. తెరమీద చూడండి, ఇక్కడి అంకెలు ఉదాహరణకి పెట్టినవి:

```
ip route 192.0.2.10 255.255.255.255 203.0.113.1
ip route 0.0.0.0 0.0.0.0 203.0.113.1 track 1
ip route 0.0.0.0 0.0.0.0 198.51.100.1 200
```

మొదటి వరస ఆ కట్టేయడం. రెండోది, పింగ్ పలికినంతకాలం అందరూ ఫైబర్‌లో వెళ్లండి అని, ఆ పింగ్ పరీక్షని track 1 పేరుతో వేరేగా రాసిపెట్టుకోవాలి. మూడోది, లేకపోతే రేడియోలో వెళ్లండి అని.

(వెనక నుంచి ఒక అమ్మాయి: "అన్నయ్యా, మా ల్యాబ్‌లో సిమ్ రూటర్ బ్యాకప్‌గా ఉంది. ఎన్నాళ్లకోసారి చూడాలి?")

అమ్మా, దీనికి కూడా లెక్కుంది, అందరూ వినండి. మెయిన్ లింకు పోతే వెంటనే తెలుస్తుంది, అందరూ అరుస్తారు. బ్యాకప్ పోతే ఎవరికీ తెలియదు. సిమ్ రీఛార్జి అయిపోయి రెండు నెలలు పడి ఉన్న చోటుకి నేను వెళ్లాను. ఆ బ్యాకప్ ఏడాదికి సగటున ఒక్కసారే పాడవుతుంది అనుకో. నువ్వు ఆర్నెల్లకోసారి చూస్తే, పాడైన రోజు నుంచి నువ్వు చూసే రోజు దాకా సగటున మూడు నెలలు అది లేనట్టే. ఏడాదిలో మూడు నెలలు. అంటే నీ బ్యాకప్ సుమారు 75 శాతమే, అగ్రిమెంటులో ఏం రాసున్నా సరే. నెలకోసారి చూస్తే సగటున పదిహేను రోజులు, 96 శాతానికి వస్తుంది. రూటరే ప్రతి నిమిషం ఆ సిమ్‌లోంచి ఒక పింగ్ పంపి, జవాబు రాకపోతే నీకు మెసేజి పెట్టేలా చేస్తే, పోయిన సమయం అంటే నువ్వు వెళ్లి బాగుచేసే గంటలే.

అయితే పింగ్ ఒక్కటే సరిపోదు. పింగ్ పలుకుతుంది గానీ అసలు ఫైలు వెళ్లదు, అలాంటివీ ఉంటాయి. అందుకని నెలకోసారి రద్దీ లేని పూట చూసుకుని ఫైబర్ కొస చేత్తో లాగేయి. గడియారం పట్టుకో. ఎన్ని సెకన్లకి మారింది, రిపోర్టు ఒకటి నిజంగా పంపితే వెళ్లిందా, ఎంతసేపు పట్టింది, తిరిగి పెట్టాక వెనక్కి వచ్చిందా. నాలుగూ ఒక నోట్‌బుక్‌లో తారీఖు వేసి రాయి. మా దగ్గర మొదటిసారి లాగినప్పుడు నాలుగు నిమిషాలు పట్టింది, విశాఖ వైపు వీపీఎన్ పాత దారినే పట్టుకుని వదల్లేదు. దాని టైమర్లు తగ్గించాక ఇరవై సెకన్ల లోపుకి వచ్చింది. ఆ నోట్‌బుక్ ఇంకా ఆ ఆస్పత్రి సర్వర్ గదిలోనే ఉంది, నా తర్వాత వచ్చిన అబ్బాయి రాస్తున్నాడు. కావాలంటే వెళ్లి చూడొచ్చు, ఆయనతో మాట్లాడి ఉంచుతాను. నువ్వు మీ సిమ్ ఏ టవర్‌ది, ఆ టవర్‌కి వెనక దారి ఏంటి అన్నది కనుక్కుని నాకు చెప్పు, మీ ఫైబర్ మ్యాపు కూడా తీసుకురా, ఇద్దరం కలిసి ఒకదాని మీద ఒకటి పెట్టి చూద్దాం.